నొప్పించక అడిగే నేర్పు
‘స్టేటస్ అప్‌డేట్’ను, అంటే పని ఎంతవరకు వచ్చిందో తెలిపే చిన్న సమాచారాన్ని, వాట్సాప్ గ్రూపులో నేర్పుగా అడగగల సమన్వయకర్త మొదట తన భాగం ఎక్కడుందో తానే రాసి, ఆ తరువాతే ఇతరులను కదిలిస్తారు. ‘ఏమైంది?’ అన్న ప్రశ్న సంజాయిషీ కోరినట్టు ధ్వనిస్తుంది కనుక, ‘రేపు 11 గంటలకు క్లయింటుకు నివేదిక పంపాలి, టెస్టింగ్ పూర్తయిందా, నడుస్తోందా, ఎక్కడైనా ఆగిందా, సాయంత్రం 4 లోగా ఒక్క ముక్క రాస్తారా అండీ?’ అంటూ కారణాన్ని, గడువును, ఒక్క మాటలో ఇవ్వదగిన జవాబులను కలిపి అందిస్తారు. ‘ఆగింది’ అన్నది కూడా ఆ జవాబుల్లో ఒకటిగా ఉండటం వల్ల, వెనుకబడినవారు సంకోచం లేకుండా నిజం చెప్పగలుగుతారు. అయినా మౌనమే మిగిలితే, అందరి ఎదుట పేరు పెట్టి అడగడం నిలదీతగా మారుతుందని ఎరిగి ఆ ఒక్కరికే విడిగా రాస్తారు. జవాబు అందాక కృతజ్ఞతను మాత్రం గ్రూపులోనే తెలుపుతారు.