గట్టు దగ్గర వేసిన లెక్క

కొన్నేళ్ల కిందట రంపచోడవరం వైపు ఒక వాగు మీద వంతెన పనిలో ఉన్నాను. మే నెల మూడో వారం వచ్చేసరికి ఒక పియరు పునాది ఇంకా నీటిమట్టానికి కిందే ఉండిపోయింది. చుట్టూ మట్టితో రింగ్ బండ్ వేసి, లోపల మోటార్లతో నీళ్లు తోడుకుంటూ పని నడిపిస్తున్నాం. పియరు నీటిపైకి రావాలంటే జులై మూడో వారం దాకా పడుతుంది. ఈలోగా పైన కొండల్లో గట్టి వాన పడితే గట్టు మీదుగా నీళ్లు దూకుతాయి. కాంట్రాక్టరు గారు సైటు ఆఫీసులో నడుం వాల్చి, "ఏం చేద్దామయ్యా, దేవుడి మీద భారం వేసేద్దామా?" అన్నారు.

నవ్వులాటకే అన్నారు గానీ, అదీ ఒక మార్గమే. రిస్కును అలాగే ఒప్పుకోవడం అంటారు. దాని ఖరీదు ఎంతో ముందు చూడాలి కదా. గట్టు పోతే మళ్లీ వేయడం, మోటార్లు బాగుచేయించడం, యంత్రాలు ఖాళీగా నిలబడటం, ఆలస్యానికి పడే జరిమానా, అన్నీ కలిపితే 80 లక్షలు తేలింది. ఇక వరద ఎన్నిసార్లు వస్తుంది? మా గట్టు పైఅంచుకు సరిగ్గా అంతే ఎత్తులో ఒడ్డున ఒక బండ ఉంది. గత పదేళ్లలో జులై మూడో వారం లోపు మూడుసార్లు నీళ్లు ఆ బండ దాటాయని ఊళ్లో పెద్దాయన చెప్పారు. పదింట మూడు. 80 లక్షల్లో పదింట మూడు వంతులంటే 24 లక్షలు. దీన్నే అంచనా నగదు విలువ అంటారు. ఆ 24 లక్షలు ఏ ఏడాదీ ఎవరూ కట్టరు. కడితే 80 కడతారు, లేదంటే ఏమీ కట్టరు. అయినా దారుల్ని పక్కపక్కన పెట్టి తూచడానికి అది తూనికరాయి.

రెండో దారి గట్టును మీటరున్నర లేపి, బయటివైపు ఇసుక బస్తాలు పేర్చడం. ఖర్చు 9 లక్షలు. "24 పోయే చోట 9తో సరి, 15 మిగిలినట్టే" అన్నాడు మా అకౌంటెంటు. ఈ లెక్కలో అందరూ జారేది ఇక్కడే. గట్టు లేపితే వరద ఆగదు, దాటే అవకాశం తగ్గుతుందంతే. పదింట మూడుగా ఉన్నది పదింట ఒకటవుతుందని మా అంచనా. అంటే 9 లక్షలు ఖాయంగా ఖర్చు, పైన 80లో పదో వంతు 8. మొత్తం 17. లాభమే, కాని 15 కాదు, 7.

మూడోది బీమా. మామూలు పాలసీలో ఇలాంటి తాత్కాలిక గట్టు పూర్తిగా లేదు కాబట్టి అదనంగా అడిగాం. వాళ్లు 15 లక్షలు అడిగారు. వరద వస్తే 45 లక్షలు ఇస్తారు, ఆలస్యపు జరిమానా మాత్రం ఇవ్వరు. మాకు మిగిలే దెబ్బ 35 లక్షలు. అందులో పదింట మూడు పదిన్నర, ప్రీమియంతో కలిపి ఇరవై అయిదున్నర. ఏమీ చేయకుండా కూర్చోవడం కంటే ఎక్కువ! ఇందులో వింత లేదు. బీమా వాడూ మనలాగే లెక్క వేసి, తన ఖర్చూ లాభమూ కలుపుకునే ధర చెబుతాడు. అందుకే సరాసరి లెక్కలో బీమా దాదాపు ఎప్పుడూ ఓడుతుంది. అయినా జనం కొంటారు. 80 లక్షలు ఒక్క దెబ్బకు పోతే పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్న కాంట్రాక్టరు జీతాలు ఆపేస్తాడు. ఒకే రూపాయి ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే విలువ కాదని 1738లోనే డేనియల్ బెర్నూలీ రాశాడు. ఈ లెక్కకు ఆ తేడా తెలియదు. మా కాంట్రాక్టరు గారికి ఆ సమయంలో 80 తట్టుకునే శక్తి ఉంది కాబట్టి బీమా వదిలేశాం. లేకపోతే ఈ కాలమ్ ఇక్కడితో ఆగేది.

నాలుగోది పని డిసెంబరుకు వాయిదా వేయడం. దానికి అసలు ఈ లెక్కే అక్కర్లేదు, 28 లక్షలు ఖాయంగా పోతాయి.

ఇంతవరకూ కాగితం మీద గీసింది ఒక చదరం, దాన్నుంచి నాలుగు కొమ్మలు, వాయిదా కొమ్మ తప్ప మిగతా మూడింటి చివర ఒక్కో గుండ్రం. చదరం మన చేతిలోది, గుండ్రం వాగు చేతిలోది. ఇంత చిన్నదానికి పట్టిక చాలు. నిర్ణయ వృక్షం గీయాల్సిన అవసరం మా మేస్త్రీ మాటతో వచ్చింది. "సార్, నీళ్లు వస్తున్నాయని ముందే తెలిస్తే, గుంటలోకి మనమే నీళ్లు వదిలేస్తే గట్టు పోదు కదా" అన్నాడు. నిజమే. గుంట ఖాళీగా ఉంటే గట్టు దాటిన నీళ్లు ఎత్తు నుంచి లోపలికి పడి, లోపలి వాలును కోసేస్తాయి. లోపలా బయటా నీళ్లు ఒకే మట్టంలో ఉంటే పడే ఎత్తే ఉండదు. యంత్రాలు ముందే బయటికి తీసి, గుంట నింపేస్తే నష్టం 80 నుంచి 25కు దిగుతుంది. వరద రాకుండానే నింపితే మళ్లీ తోడుకోవడానికి 6 లక్షలు పోతాయి.

ఎగువన మూడు గంటల దూరంలో ఒక పాత కల్వర్టు గోడ మీద ఎర్ర రంగు గీత పెట్టి, నీళ్లు గీత తాకగానే ఫోను చేసేందుకు మనుషుల్ని పెట్టడానికి 2 లక్షలు. ఇప్పుడు చెట్టులో గుండ్రం తర్వాత మళ్లీ చదరం వచ్చింది. ఫోను వస్తే గుంట నింపాలా, వద్దా?

దీన్ని కుడి చివర నుంచి వెనక్కి విప్పాలి. వచ్చే వరదల్లో పదింట ఎనిమిదింటికి ఫోను వేళకు అందుతుందనీ, వరద లేని ఏడాదుల్లో అయిదింట ఒకసారి వట్టి ఫోను వస్తుందనీ అనుకున్నాం. అప్పుడు ఫోను మోగిన నూరుసార్లలో దాదాపు 63 సార్లే నిజంగా వరద. నింపితే సగటున 18 లక్షల నష్టం, నింపకపోతే 50 దాటుతుంది. కాబట్టి నింపాలి. ఆ జవాబు కొమ్మ మీద రాసేసి, మిగతాది కొట్టేసి, ఎడమకు జరగాలి. ఫోను మోగే అవకాశం 38 శాతం, దాని వంతు 6.84 లక్షలు. ఫోను లేకుండా వరద ముంచే అవకాశం 6 శాతం, దాని వంతు 4.8. మనుషుల ఖర్చు 2. మొత్తం 13.64 లక్షలు. గట్టు లేపడం కంటే చవక.

అంకె గెలిచిందని అక్కడితో లేవకూడదు. పదేళ్ల జ్ఞాపకం మీద నిలబెట్టిన పదింట మూడు తప్పయితే? తిరగేసి చూశాం. వరద అవకాశం 8 శాతం నుంచి 70 శాతం దాకా ఎక్కడున్నా కాపలా దారే గెలుస్తోంది. కాబట్టి పెద్దాయన జ్ఞాపకం గురించి బెంగ అక్కర్లేదు. ఫోను సంగతి అలా కాదు. పదింట ఎనిమిది అనుకున్నది ఆరు కంటే కిందికి పడితే గట్టు లేపడమే మెరుగు. మొత్తం లెక్క ఆ ఒక్క అంకె మీద వేలాడుతోంది. మర్నాడు మనిషిని కల్వర్టు దగ్గరికి పంపి సిగ్నలు చూడమన్నాం. కల్వర్టు మీద అస్సలు లేదు, చింతచెట్టు కింద ఒక కంపెనీది అందుతోంది. రెండు కంపెనీల సిమ్‌లు, రాత్రికి ఇద్దరు కాపలాదారులు, గంటకోసారి "బాగుంది" అని చెప్పే ఏర్పాటు. ఫోను రాకపోతే వరదే అనుకోవాలని రూలు.

జూన్ చివరి వారంలో ఒక రాత్రి రెండున్నరకు ఫోను మోగింది. యంత్రాలు తీసి గుంట నింపాం. తెల్లారేసరికి నీళ్లు గట్టుకు జానెడు కింద ఆగి, తగ్గిపోయాయి. మళ్లీ తోడటానికి అయిదు రోజులు పట్టింది. "ఊరికే పోయాయి కదయ్యా డబ్బులు" అన్నారు కాంట్రాక్టరు గారు. గోడ మీద కాగితంలో ఆ కొమ్మ చూపించాను. 6 లక్షలని మే నెలలోనే రాసి ఉంది. ఆయన దాన్ని కాసేపు చూసి, టీ చెప్పించారు.

జులై 19న పియరు నీటిపైకి వచ్చింది. ఆగస్టులో వచ్చిన వరద రింగ్ బండ్‌ను ఊడ్చుకుపోయింది. అప్పటికి మోటార్లన్నీ గోడౌనులో ఉన్నాయి.