సర్వర్ ఎంతసేపు ఆగినట్టు?

తుమ్మపాలలోనైనా, పక్కనున్న అనకాపల్లిలోనైనా కౌంటరు ముందు నిలబడినవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "సర్వర్ డౌనండి, మధ్యాహ్నం రండి." వచ్చినాయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. మధ్యాహ్నానికి సర్వర్ వస్తుంది. కౌంటరు దగ్గర కథ అక్కడితో అయిపోతుంది గానీ, లోపలి గదిలో అప్పుడే మొదలవుతుంది. ఏమైంది, ఎంతసేపు ఆగింది, ఎవరికి ఇబ్బంది, ఎలా బాగు చేశారు? మేనేజరు అడిగే ఈ నాలుగు ప్రశ్నలకు జవాబుగా ఒక కాగితం తయారవ్వాలి. చాలాచోట్ల తయారయ్యేవి రెండే రెండు వాక్యాలు: "సాంకేతిక లోపం వల్ల సేవలకు కొద్దిసేపు అంతరాయం కలిగింది. ప్రస్తుతం సమస్య పరిష్కరించబడింది."

ఈ వాక్యాల్లో అబద్ధం లేదు. పనికొచ్చే మాటా లేదు. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసే మాట "కొద్దిసేపు". ఎందుకంటే సర్వర్ ఆగినప్పుడు తిరిగే గడియారం ఒకటి కాదు.

2024 జులై 19 శుక్రవారం శంషాబాద్ విమానాశ్రయాన్ని గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ఇండిగో ప్రయాణికుడికి బోర్డింగ్ పాస్ చేత్తో రాసి ఇచ్చారు. పేరు, సీటు నంబరు అన్నీ పెన్నుతో రాసిన ఆ కాగితం ఫొటో దేశమంతా తిరిగింది. అదే రోజు ప్రపంచమంతటా బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ తర్వాత వేసిన లెక్క ప్రకారం అలా ఆగినవి దాదాపు 85 లక్షలు. కంప్యూటర్లకు కాపలా కాసే క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ తన ప్రోగ్రాముకు పంపిన ఒక చిన్న ఫైలులోని తప్పే అందుకు కారణం.

ఆ ఫైలు మన సమయం ప్రకారం ఉదయం 9:39కి బయల్దేరింది. తప్పు గుర్తించి 10:57కి వెనక్కి తీసుకున్నారు. అంటే 78 నిమిషాలు. సంస్థ లోపల కూర్చున్న ఇంజినీరును "ఎంతసేపు?" అని అడిగితే 78 నిమిషాలనే అంటాడు. అతని గడియారం ప్రకారం అది నిజమే.

అప్పుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. మర్నాడు శనివారం ఆయన ఇచ్చిన ప్రకటనలో వేరే రెండు గడియారాలు కనిపిస్తాయి. తెల్లవారుజామున 3 గంటల నుంచి విమానయాన సంస్థల వ్యవస్థలు మామూలుగా పనిచేస్తున్నాయన్నారు. ముందురోజు పేరుకుపోయిన పని ఇంకా తెమలలేదని, మధ్యాహ్నానికి అంతా సర్దుకుంటుందని ఆశిస్తున్నామని అన్నారు. ఉదయం 9:39 నుంచి లెక్కేస్తే తెల్లవారుజామున 3 గంటలకు 17 గంటలు దాటాయి. మధ్యాహ్నం దాకా అయితే ఒక రోజు దాటి పైన రెండు గంటలు.

78 నిమిషాలు, 17 గంటలు, 26 గంటలు. సంఘటన ఒకటే, మూడు అంకెలూ సరైనవే. మొదటిది తప్పు బయట ఉన్న కాలం, రెండోది యంత్రాలు పనిచేయని కాలం, మూడోది మనుషుల పని గాడిలో పడేదాకా పడుతుందనుకున్న కాలం. మేనేజరుకు ఎక్కువగా కావలసింది మూడోది. సాంకేతిక విభాగం నివేదికల్లో తరచూ ఉండేది మొదటిది. నివేదిక చదివాక "మీరు గంటన్నర అంటారు, మా కౌంటరు రోజంతా మూసుంది కదయ్యా" అని గొడవ మొదలయ్యేది ఇక్కడే. మూడు సమయాలనూ ఒకదాని కింద ఒకటి రాసి, ఏది దేని లెక్కో చెబితే ఆ గొడవకు తావుండదు.

పునరుద్ధరణ ఎలా జరిగిందో చెప్పే భాగంలోనూ ఇదే చిక్కు. ఆ రోజు ఇంజినీర్లు ఒకరికొకరు చెప్పుకున్న చికిత్స ఇది: సేఫ్ మోడ్‌లో బూట్ చేసి, కింది ఫోల్డర్ తెరిచి, అందులోని ఆ ఫైలు తీసేయాలి.

```
C:\Windows\System32\drivers\CrowdStrike
C-00000291*.sys
```

దీన్ని ఇలాగే నివేదికలో ఎక్కిస్తే మేనేజరు కళ్లు ఆ రెండు వరసల దగ్గరే ఆగిపోతాయి. అలాగని "తగిన చర్యలు తీసుకున్నాం" అని కుదించేస్తే ఏమీ చెప్పనట్టే. ఆయన అడగబోయేది ఒకటే: తప్పు ఫైలు 10:57కే వెనక్కి తీసుకున్నారు కదా, మరి రాత్రిదాకా ఎందుకు పట్టింది? దానికి జవాబు ఇలా రాయొచ్చు: "ఆగిన కంప్యూటర్ పూర్తిగా తెరుచుకోదు కాబట్టి, చాలావాటిని దూరం నుంచి బాగు చేసే వీల్లేదు. ఒక్కో దాని దగ్గరికి మనిషి వెళ్లి, ప్రత్యేక పద్ధతిలో తెరిచి, చెడ్డ ఫైలు తీసేయాలి. డిస్కుకు తాళం వేసి ఉన్నచోట ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి." సాంకేతిక పదాలు పెద్దగా లేవు. అయినా అసలు విషయం పూర్తిగా ఉంది. కంప్యూటర్ల సంఖ్యను మనుషుల సంఖ్యతో భాగించి, ఒక్కోదానికి పట్టే సమయంతో గుణిస్తే మొత్తం ఎంతసేపు పడుతుందో మేనేజరే లెక్క కట్టుకోగలడు.

కారణం రాసేటప్పుడు తొందర పనికిరాదని కూడా ఆ శుక్రవారమే చూపించింది. అదే తెల్లవారుజామున మన సమయం 3:26కి, క్రౌడ్‌స్ట్రైక్‌తో సంబంధం లేకుండా, అమెరికా మధ్య ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ అజూర్ సర్వర్లకు వేరే అంతరాయం మొదలైంది. రెండూ ఒకదానిమీద ఒకటి పడడంతో మొదటి గంటల్లో చాలామంది అంతా మైక్రోసాఫ్ట్ మీదే వేశారు. అనుభవం ఉన్నవాళ్లు అందుకే నివేదికను రెండు విడతలుగా ఇస్తారు. మొదటి రోజు కాగితంలో ప్రభావం, సమయాలు, తాత్కాలిక ఏర్పాట్లు ఉంటాయి. కారణం దగ్గర "పరిశీలనలో ఉంది" అని, ఏ తేదీకి చెబుతారో రాస్తారు. క్రౌడ్‌స్ట్రైక్ కూడా తొలి సమీక్షను జులై 24న, మూల కారణం నివేదికను ఆగస్టు 6న ఇచ్చింది. ప్రోగ్రాము 20 గడులే నింపి పెడితే, కొత్త ఫైలు 21వ గడి కోసం వెతికిందని తేలింది రెండోదానిలోనే.

ఇంత పెద్ద సంఘటన పద్ధతి చిన్న ఆఫీసుకు సరిపోతుందా? తుమ్మపాల వైపు ఒక సహకార సంఘం ఉందని ఊహించుకుందాం. ఎరువుల బిల్లులు, రుణాల ఖాతాలు, రసీదులు అన్నీ ఆఫీసు మూలనున్న ఒక్క సర్వర్ మీదే నడుస్తాయి. సోమవారం ఉదయం రసీదులు రావడం ఆగిపోయింది. సాయంత్రం కంప్యూటర్లు చూసే కుర్రాడు అధ్యక్షుడికి ఇవ్వాల్సిన కాగితం ఇలా ఉండొచ్చు:

"ప్రభావం: సోమవారం 46 మంది రైతులు వచ్చారు. 31 మందికి చేత్తో రసీదులు రాసి ఎరువులు ఇచ్చాం. రుణం పనిమీద వచ్చిన 15 మంది ఖాతా చూడలేక వెనక్కి వెళ్లారు. పాత ఖాతాల్లో ఏదీ పోలేదు.

సమయం: సర్వర్ ఉదయం 9:52కి ఆగింది. మనకు తెలిసింది 10:10కి. తిరిగి పనిచేసింది మధ్యాహ్నం 2:40కి. చేత్తో రాసిన రసీదుల ఎక్కింపు సాయంత్రం 5:30కి ముగిసింది.

కారణం: డిస్కు నిండిపోయి కొత్త బిల్లు రాయడానికి చోటు లేకపోయింది. రోజూ తీసే బ్యాకప్‌లలో పాతవి తొలగించే ఏర్పాటు లేదు. డిస్కు నిండుతోందని హెచ్చరిక మెయిల్ వచ్చింది గానీ, అది ఇప్పుడు ఎవరూ చూడని చిరునామాకు వెళ్లింది.

పునరుద్ధరణ: పాత బ్యాకప్‌లను బయటి డిస్కులోకి మార్చాం. డేటాబేస్‌ను తిరిగి నడిపించాం. శనివారం సాయంత్రం ముద్రించిన మొత్తాలతో ఖాతాలు సరిచూశాకే కౌంటరు తెరిచాం."

ఇందులో ముందుగా చూడాల్సింది 9:52. ఆ సమయం ఎవరూ చూసి చెప్పింది కాదు. సర్వర్ తన పనులను తానే రాసుకునే లాగ్‌లో "చోటు లేదు" అన్న మొదటి వరస పక్కన ఉన్న సమయమది. మనుషుల జ్ఞాపకాన్ని నమ్మితే 10:10 అనే రాసేవారు. అప్పుడు ఆ మధ్యనున్న 18 నిమిషాలు మాయమయ్యేవి. చిన్న తేడాలా కనిపించినా, హెచ్చరిక సరైన మనిషికి అందలేదనడానికి సాక్ష్యం ఆ 18 నిమిషాలే.

రెండోది, "పాత ఖాతాల్లో ఏదీ పోలేదు" అన్న వాక్యం. అధ్యక్షుడు బయటికి అడగకపోయినా, లోపల మొదట భయపడేది దీని గురించే. సరిచూసుకున్నాకే ఆ మాట రాయాలి. ఎలా సరిచూశారో పునరుద్ధరణలో ఉండాలి. "సర్వర్ ఆన్ అయింది" అన్నది వేరు, "లెక్కలు సరిపోయాయి" అన్నది వేరు. వాటి మధ్య గంట పట్టినా, ఆ గంటను కూడా ఆగిన సమయంలోనే వేయాలి.

మూడోది, కారణంలో ఎవరి పేరూ లేకపోవడం. మెయిల్ చిరునామా మార్చనిది ఫలానా వ్యక్తి అని రాస్తే, వచ్చేసారి నిజం చెప్పేవాళ్లు తగ్గిపోతారు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో ఫైళ్లు చెరిపేశాడు. సెకను, రెండు సెకన్లలో ఆపినా 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రోజువారీ బ్యాకప్ ఉంది కదా అని చూస్తే, అది కొన్నాళ్లుగా విఫలమవుతోందని తేలింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిపెట్టిన నకలే చివరికి ఆదుకుంది. గిట్‌ల్యాబ్ తన నివేదికలో ఆ ఇంజినీరు పేరు రాయలేదు, మెయిళ్ల సంగతి మాత్రం పూర్తిగా రాసింది. చదివినవాళ్లు తమ ఆఫీసులో వెళ్లి సరిచూసుకోగలిగేది ఆ రెండోదే.

ఊహలోని మన సంఘం కాగితంలో ఇంకో భాగం మిగిలింది, చేయాల్సిన పనులు. "ఇకపై జాగ్రత్త వహిస్తాం" అన్న మాట అందులో ఉండదు. హెచ్చరిక మెయిల్ కార్యదర్శికీ, అకౌంటెంటుకూ వచ్చేలా మార్చడం మంగళవారం. ముప్పై రోజులు దాటిన బ్యాకప్‌లు వాటంతటవే బయటి డిస్కుకు వెళ్లే ఏర్పాటు శనివారం. ఒక్కో పనికి ఒక బాధ్యుడు, ఒక తేదీ. అట్టడుగున ఇంకొక వరస: "చేత్తో రాసిన 31 రసీదుల్లో 29 సరిపోయాయి. రెండింటిలో ఎరువుల బస్తాల సంఖ్య గోదాము పుస్తకంతో కలవలేదు. రైతులను అడిగి శుక్రవారం లోపు తేలుస్తాం."