ఒక్క కిటికీకి సాయంత్రం

అచ్చుకు వెళ్లని కథ గురించి రాయడం మర్యాద కాదేమో. టైపు ప్రతిలో చదివాను. అచ్చయ్యేదాకా పేరు చెప్పవద్దని రచయిత కోరారు కాబట్టి చెప్పను. కానీ పనిని ఇంత దగ్గరగా చూసిన తెలుగు కథ నా కంట పడి చాలాకాలమైంది.

కథ చిన్నది. ఒక ఊరి హైస్కూలు వార్షికోత్సవ సంచిక ముఖచిత్రానికి బడి ఫొటో కావాలి. మరమ్మతులు నడుస్తున్నాయి. భవనం కుడిసగం నిండా సరుగుడు కర్రల పరంజా. ప్రెస్సు గడువు దగ్గరపడింది, పరంజా దిగేలా లేదు. కమిటీవాళ్లు రిటైరైన లెక్కల మాస్టారిని డీటీపీ సెంటరుకు పంపుతారు, ఫొటోలోంచి ఆ కర్రలు తీయించుకు రమ్మని. కంప్యూటరు ముందున్న కుర్రాడు ఆ బడిలో చదివినవాడు కాదు, కనీసం దాన్ని చూసినవాడు కూడా కాదు. ఇద్దరికీ పేర్లు లేవు. కథంతా ఒక్క పూటలో, ఒక్క తెర ముందు జరుగుతుంది.

ఇలాంటి కథ ఎటు జారుతుందో పాఠకుడికి ముందే భయం వేస్తుంది. పరంజాను బతుక్కో విద్యకో ప్రతీక చేసి రెండు పేజీలు బరువుగా నడిపించవచ్చు. ఈ రచయితకు ఆ తీరిక లేదు. కర్రను తీస్తే దాని వెనక ఏం పెట్టాలన్నదే ఆయన ప్రశ్న, కథ అక్కడినుంచే పుడుతుంది.

కుర్రాడు మొదట అసలు ఫొటోకు తాళం వేసి, పైన ఖాళీ లేయరు తెరిచి, క్లోన్ స్టాంపు పట్టుకుంటాడు. గోడలో శుభ్రంగా ఉన్నచోట ఆల్ట్ నొక్కి క్లిక్ చేసి, ఆ ముక్కను కర్రమీద పులమడం. సున్నం గోడ కాబట్టి పని చకచకా సాగుతుంది. కాసేపు చూసి మాస్టారు వేలు పెడతారు: ‘ఈ వాన చారికా, ఆ వాన చారికా ఒకటే. చివర వంకర కూడా ఒకటే.’ ఇద్దరు పిల్లల పేపర్లలో ఒకే తప్పు కనిపిస్తే కాపీ కొట్టినట్టే కదా, జీవితమంతా ఆ పని చేసిన కన్ను అది. ఒప్పు చూసి కాపీని పట్టుకోలేం, ఒప్పు అందరికీ ఒకేలా వస్తుంది. ఫొటో ఎడిటింగులోనూ అంతే, నున్నటి గోడ రెండుసార్లు వచ్చినా ఎవరికీ తెలియదు, మరక రెండుసార్లు వస్తే దొరికిపోతాం. మాస్టారి వృత్తికీ కుర్రాడి వృత్తికీ మధ్య వంతెన ఇక్కడే పడింది. దాన్ని ఎత్తిచూపే వాక్యం కథలో ఒక్కటీ లేదు.

తర్వాత కిటికీ. కుడివైపు కమాను కిటికీ సగం పలకల చాటున ఉంది. భవనం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమ కిటికీని కత్తిరించి, అద్దంలోలా తిప్పి అతికిస్తాడు కుర్రాడు. అంచుల దగ్గర హీలింగ్ బ్రష్ జోలికి పోడు. అది పక్కనున్న ముదురు రంగును లాగి మసక చేస్తుంది కాబట్టి అక్కడ స్టాంపుతోనే నడుస్తాడు. పని తెలిసిన చెయ్యి. అయినా మాస్టారికి ఏదో నచ్చదు. చాలాసేపు చూసి అంటారు: ‘బడి దక్షిణం ముఖం. అన్ని కిటికీలకూ పొద్దున్న పది గంటలైంది. ఈ ఒక్క కిటికీకి సాయంత్రమైంది.’

నేను చదవడం ఆపి ఆలోచించాల్సి వచ్చింది. దక్షిణం ముఖంగా ఉన్న భవనాన్ని ఎదురుగా నిలబడి చూస్తే తూర్పు మన కుడిచేతి వైపు. పొద్దుటి ఎండ కుడినుంచి వస్తుంది, సన్‌షేడు నీడ ఎడమకు వాలుతుంది. కిటికీని తిప్పినప్పుడు నీడ కూడా తిరిగి కుడికి వాలింది. అంటే దానికి ఎండ పడమటినుంచి వస్తోంది. లెక్క సరిపోయింది. ఒక సాంకేతిక లోపాన్ని ఇంత తేలిక మాటలో, ఆ మనిషి నోటే పలికించడం సామాన్యమైన పని కాదు. ఎన్నో ఏళ్లు ఆ వరండాలో నీడను బట్టి పీరియడు లెక్కపెట్టినవాడే అనగల మాట.

ఇక్కడితో ఆగితే కథ పెద్దాయన అనుభవానికి హారతి పట్టినట్టయ్యేది. రచయిత వెంటనే త్రాసు కుర్రాడి వైపు వంచుతారు. కుడి చివర గోడ పైభాగం పూర్తిగా పలకల వెనక ఉంది. అక్కడ మూడు గుండ్రటి వెంటిలేటర్లు ఉంటాయని మాస్టారు గట్టిగా చెబుతారు. ఎడమవైపూ మూడే కాబట్టి కుర్రాడికీ నమ్మకమే. కానీ ముక్క అతికించబోయే ముందు వాడు ఫొటోను బాగా పెద్దది చేసి చూస్తాడు. రెండు కర్రల సందులో, మూడోది ఉండాల్సిన చోట, ఉత్త గోడ. ‘ఇక్కడ లేదండి మాస్టారూ.’ ఆయన ఒప్పుకోరు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, చివరికి ‘అవునయ్యా, అటు మెట్లున్నాయి’ అంటారు. ఆయన జ్ఞాపకం చూసినదాన్ని కాక, సమంగా ఉండాలనుకున్నదాన్ని దాచుకుంది. లెక్కల మాస్టారిని ఎంచుకోవడంలోని తెలివి ఇప్పుడు తెలుస్తుంది.

కథలో నాకు అన్నిటికంటే నచ్చింది నీడల ఘట్టం. కర్రలన్నీ పోయాయి, గోడమీద వాటి నీడల చారలు మిగిలాయి. వాటినీ స్టాంపుతో కప్పేయబోతాడనుకుంటాం. కుర్రాడు కప్పడు. నీడ ఉన్నచోటును మాస్కుతో వేరుచేసి, కర్వ్స్‌తో వెలుతురు పెంచుతాడు. నీడలో పడేది ఆకాశపు వెలుతురే కాబట్టి అక్కడ గోడ కాస్త నీలంగా ఉంటుంది. అందుకని కొంచెం పసుపు కలుపుతాడు. చార మెల్లగా విడిపోయి లోపలి గోడ పైకి తేలుతుంది, పెచ్చులూ బీటలూ పాత సున్నపు పొరలతో సహా. ఎందుకిలా చేశావని మాస్టారు అడిగితే వాడి జవాబు: ‘కర్ర వెనక ఏముందో ఫొటోకి తెలియదండి. నీడ కింద ఏముందో తెలుసు.’ ఫొటోకు సంబంధించి ఇది అక్షరాలా నిజం. కర్ర కెమెరాకు అడ్డుపడింది, నీడ ఎండకు మాత్రమే అడ్డుపడింది. ఒకచోట బొమ్మ కల్పించాలి, ఇంకోచోట వెలికితీస్తే చాలు. ఈ తేడా తెలియనివాడు రెంటినీ ఒకే బ్రష్‌తో తుడిచేస్తాడు, గోడ ప్లాస్టిక్కులా తయారవుతుంది.

చివరికి మిగిలింది పలకమీద నిలబడ్డ తాపీ మేస్త్రీ. పలక పోయాక అతను గాల్లో ఉన్నాడు. అతణ్ణి తీయక తప్పదు, తీసేస్తారు. అతను మాస్టారి పాత శిష్యుడని చివర్లో తేలకపోవడం చూసి ఊపిరి పీల్చుకున్నాను.

కుర్రాడు ‘అడుగు లేయరు ఉంచనా, కలిపెయ్యనా?’ అంటాడు. కలిపేసిన ప్రతి ప్రెస్సుకు పంపి, విడి లేయర్ల ఫైలు దాచమంటారు మాస్టారు. ఈ జవాబు తర్వాత ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. మాస్టారు ఇంటికి నడుస్తూ, నిజం గురించీ గతం గురించీ ఆలోచిస్తారు. అంతవరకూ ఆయన గోడల గురించి, ఎండ గురించి, మెట్ల గురించి తప్ప ఏమీ ఆలోచించలేదు. ఉన్నట్టుండి వేరే ఎవరో ఆయన తలలో దూరినట్టుంది. అవి తీసేయమని రచయితకు రాశాను. ‘చూద్దాం’ అన్నారు.