సింక్ ఆపడమూ ఒక పనితనమే

బాన్సువాడలో ఒక వడ్ల కొనుగోలు కేంద్రం ఉందనుకుందాం. కాటా కంప్యూటర్‌లోని తూకం చీటీలు 15 నిమిషాలకోసారి హెడ్డాఫీసుకు చేరుతుంటాయి. కాటా సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేసే రాత్రి ఆ సింక్‌ను పద్ధతిగా నిలిపే ఆపరేటర్ అంటే నాకెంతో గౌరవం.

నడుస్తున్న సింక్‌ను అతను మధ్యలో తెంచడు. షెడ్యూల్ ఆపి, ఆ విడత పూర్తవనిస్తాడు. తూకాలు ఆగాక చేత్తో చివరి సింక్ నడిపి, ఆఖరి చీటీ సమయం రాసుకుంటాడు: రాత్రి 9:40.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు కాస్త వెనక్కి, 9:30 నుంచి తెప్పిస్తాడు, ఆలస్యంగా సేవ్ అయినవి తప్పిపోకుండా. చీటీ నంబరు ఒకటే అయితే పాతదాని మీదే పడుతుంది కాబట్టి లెక్క రెండింతలు కాదు.

అసలు గండం గడియారంతోనే. కొత్త వెర్షన్ సమయాన్ని యూటీసీలో రాస్తే, రాత్రి 11కి తూచిన చీటీ మీద సాయంత్రం 5:30 పడుతుంది. అది 9:30 కన్నా ముందుది కదా, సింక్ దాన్ని వదిలేస్తుంది. పైగా తెర మీద ‘విజయవంతం, 0 చీటీలు’ అని చూపిస్తుంది. అందుకే అతను ఒక పరీక్ష చీటీ వేసి, అది అవతల చేరేదాకా కదలడు. రద్దయిన చీటీలు సమయాన్ని బట్టి దొరకవు. వాటికోసం రెండువైపులా చీటీల సంఖ్య, మొత్తం క్వింటాళ్లు సరిచూస్తాడు.