పావు అంగుళం పొందిక

పదవీ విరమణ చేస్తున్న లెక్కల మాస్టారికి ఒకే ఫ్రేములో కట్టి ఇవ్వడానికి పాత విద్యార్థులు తొమ్మిది ఫొటోలు ఏరారు. ఒకటి పసుపెక్కిన పాత ప్రింటు, ఇంకొకటి ట్యూబ్‌లైటు కింద పచ్చబారింది. అన్నింట్లోనూ ఆయన వేసుకున్నది తెల్లచొక్కానే. స్టూడియో కుర్రాడు ముందుగా ఆ తెలుపును అన్ని ఫొటోల్లో ఒకేలా తెస్తాడు; దాంతో ముఖాల రంగులూ చాలావరకు దారికొస్తాయి.

తర్వాత కత్తిరింపు. ప్రతి ఫొటోలో మాస్టారి కళ్లు పైనుంచి మూడో వంతు దగ్గరే నిలుస్తాయి. మణికట్టు దగ్గర కోస్తే చెయ్యి తెగినట్టుంటుంది కనుక, మోచేతికి పైనే ఆపుతాడు.

అసలు పనితనం ఖాళీల్లో ఉంది. షీటు 18×12 అంగుళాలు. వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు. ఒక్కో ఫొటో 5½×3½, ఫొటోల మధ్య పావు అంగుళం, చుట్టూ అర అంగుళం. ఫ్రేము అంచు కింద పావు అంగుళం దాగిపోయాక, చుట్టూ కనిపించేదీ పావే.