దానిమ్మ కొమ్మ మీది పిట్ట ఎవరిది?

పెరట్లో తీసిన చిన్న పిట్ట ఫోటో ఏదైనా చేతికొస్తే, దానితోపాటు వచ్చే మొదటి మాట చాలాసార్లు ఒకటే: ‘మా పూలచెట్టు మీదికి హమ్మింగ్ బర్డ్ వచ్చింది!’ ఆ ఒక్క మాటను మాత్రం ఫోటో చూడకుండానే కొట్టేయవచ్చు. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల పక్షులు, మన దేశంలో అవి అడవిలోనూ లేవు, తోటలోనూ లేవు. డాలస్‌లోనో శాన్ హోసేలోనో ఉన్న మనవాళ్ళ పెరటి ఫోటోకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ తేనెపిట్టలు లేవు, కాబట్టి పూల ముందు గాలిలో నిలబడి తేనె తాగే పిట్ట హమ్మింగ్ బర్డే. ఫోటో తీసిన ఊరు తెలిస్తే సగం పేర్లు అక్కడే రాలిపోతాయి. తెలుగునేల మీద అలా పూల ముందు రెక్కలాడిస్తూ నిలిచింది ఒక్కోసారి పిట్ట కూడా కాదు, పగటిపూట తిరిగే ఒక జాతి చిమ్మట. ఫోటో పెద్దది చేస్తే తల మీద మీసాల్లాంటి స్పర్శకాలూ, చుట్ట చుట్టుకునే సన్నని గొట్టంలాంటి నోరూ కనిపిస్తాయి. పిట్టకు ఆ రెండూ ఉండవు.

ఇక్కడ చెప్పబోయేది తెనాలిలో ఉండే మా బంధువు ఒకావిడ నవంబరులో పంపిన ఫోటో సంగతి. దానిమ్మ పువ్వు పక్కన కొమ్మ మీద కూర్చుని ఉంది పిట్ట. పిచ్చుక కన్నా చిన్నది. పైన మట్టిరంగు ఆకుపచ్చ, కింద పసుపు. ‘పసుప్పచ్చ పిట్ట’ అని రాసిందావిడ. ఆ రంగును నమ్ముకుని వెతికితే పక్షుల పుస్తకంలో పది పేర్లు దొరుకుతాయి. అందుకే రంగు జోలికి తర్వాత వెళ్ళడం మంచిది. ముందు ముక్కు. రంగు వెలుతురునుబట్టి మారుతుంది, ఈకలు కాలాన్నిబట్టి మారతాయి, ఎదిగిన పిట్ట ముక్కు ఆకారం మాత్రం ఎండలోనూ నీడలోనూ అదే.

పెరటి చెట్ల మీద తిరిగే బుల్లి పిట్టల ముక్కులు స్థూలంగా మూడు రకాలు. దర్జీపిట్టది నిటారుగా, సూదిలా సన్నగా ఉంటుంది. అది ఆకుల కింద పురుగులు ఏరుకునే ముక్కు. ఫ్లవర్‌పెకర్ అనే బొటనవేలంత పిట్టది పొట్టి ముక్కు, లేత గులాబీ రంగు. బదనిక పండ్లూ సింగపూర్ చెర్రీ పండ్లూ మింగడానికి అది చాలు. తేనెపిట్టది కొడవలిలా కిందికి వంగి ఉంటుంది, నల్లగా, మొనదేలి. ఆ వంపు పువ్వు గొట్టంలోకి దూరడానికి. మన ఫోటోలో ముక్కు నల్లగా, వంగి ఉంది. కళ్ళ చుట్టూ తెల్లటి ఉంగరం ఉంటే వైట్ ఐ అనే మరో పసుపుపచ్చ పిట్టేమోనని ఆగవలసి వచ్చేది. ఉంగరం లేదు, ఆ పిట్ట ముక్కు వంగదు కూడా. కాబట్టి ఇది తేనెపిట్ట.

ఏ తేనెపిట్ట అన్నదే అసలు చిక్కు. తెలుగునాట తోటల్లో కనిపించేవి ముఖ్యంగా మూడు. పర్పుల్ సన్‌బర్డ్, అంటే ఊదా తేనెపిట్ట. పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్, నడుము దగ్గర ఊదా మెరుపు ఉండేది. మూడోది లోటెన్ సన్‌బర్డ్. పూర్వం సింహళాన్ని డచ్చివారు ఏలినప్పుడు అక్కడ గవర్నరుగా ఉన్న లోటెన్ పేరది. మగవి మెరుపు ఈకలతో ఉన్నప్పుడు మూడింటినీ విడదీయడం కష్టం కాదు. నడుము మెరుపు దానికి పొట్ట పసుపు, రొమ్ము మీద ముదురు ఎరుపు పట్టీ. ఊదాది ఎండలో నీలంగా మెరుస్తుంది, నీడలో బొగ్గులా కనిపిస్తుంది. లోటెన్‌కు పొట్ట మెరుపు లేని గోధుమరంగు. ఆడవీ, పిల్లలూ, ఈకలు మార్చుకుంటున్న మగవీ అన్నీ కింద పసుపే. మనకొచ్చే ఫోటోల్లో గొడవంతా వీటితోనే.

మళ్ళీ ముక్కు దగ్గరికే రావాలి, ఈసారి పొడవు కోసం. 1840లలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ తర్వాత భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం రాశాడు. ఆ రోజుల్లో పక్షిని తుపాకితో కొట్టి, చేతిలోకి తీసుకుని కొలతకర్ర పెట్టేవారు. ఫోటోకు కొలతకర్ర పనికిరాదు, ఎందుకంటే పిట్ట ఎంత దూరంలో ఉందో తెలియదు. పనికొచ్చేది నిష్పత్తి. ఒక కాగితం ముక్కను తెర మీద ఆనించి, ముక్కు మొదలు నుంచి తల వెనుక భాగం దాకా గుర్తు పెట్టుకోవాలి. అదే కాగితంతో ముక్కు మొదలు నుంచి కొన దాకా చూడాలి. ఊదా తేనెపిట్టకు ఈ రెండూ కాస్త అటూఇటూగా సమానం. లోటెన్‌కు ముక్కు తల కన్నా బాగా పొడవు, వంపు కూడా లోతు. ఒకసారి పక్కనుంచి చూస్తే మళ్ళీ మరిచిపోరు.

‘పక్కనుంచి చూస్తే’ అన్నదాంట్లోనే అసలు కిటుకు ఉంది. పిట్ట కాస్త మనవైపు తిరిగితే చాలు, ముక్కు పొట్టిదైపోతుంది, వంపు పోయి నిటారుగా కనిపిస్తుంది. లోటెన్ ఊదా అయిపోతుంది, ఊదా దర్జీపిట్ట అయిపోతుంది. ఫోటో నమ్మదగిందో కాదో తేల్చడానికి కళ్ళు చూడాలి. ఒకే కన్ను, గుండ్రంగా, పూర్తిగా కనిపిస్తుంటే పిట్ట పక్కకు తిరిగి ఉందన్నమాట, కొలవొచ్చు. రెండో కన్ను అంచైనా కనిపిస్తోందంటే ఆ ఫోటోలో ముక్కు పొడవు గురించి మాట్లాడకూడదు. కొన పువ్వులో దూరి ఉన్నా అంతే. మరో మోసం పిల్లలది. గూడు వదిలి అప్పుడే బయటికొచ్చిన తేనెపిట్ట పిల్లకు ముక్కు ఇంకా ఎదగదు. పొట్టిగా ఉందని దాన్ని ఫ్లవర్‌పెకర్ అనేస్తారు. నోటి మూలల దగ్గర మెత్తటి పసుపు అంచు ఉందేమో చూస్తే దొరికిపోతుంది.

తెనాలి ఫోటోలో ఒక కన్నే ఉంది, గుండ్రంగా. కాగితం పెడితే ముక్కు దాదాపు తలంతే వచ్చింది. లోటెన్ పక్కకు జరిగింది.

మిగిలిన రెండింటిని ఈకలు విడదీస్తాయి. ఈకల్ని పిట్టంతా కలిపి ఒక రంగుగా కాక, రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడాలి. నడుము మెరుపు తేనెపిట్ట ఆడదానికి గొంతు బూడిద కలిసిన తెలుపు, పసుపు రొమ్ము దగ్గర మొదలవుతుంది, పక్కలు మళ్ళీ తెల్లబడతాయి. ఊదా ఆడదానికి గొంతు నుంచే పసుపు, కిందిదాకా పెద్ద తేడా లేకుండా సాగుతుంది. కాబట్టి మనం చూడవలసిన చోటు గడ్డం కింద ఉన్న గింజంత జాగా. ఫోటోలు ఎక్కువగా చెడేదీ అక్కడే. ఎండ నేరుగా పడితే పసుపు గొంతు తెల్లగా పాలిపోతుంది. పచ్చటి ఆకుల మధ్య కూర్చుంటే తెల్ల గొంతుకు ఆకుల పచ్చదనం అంటుకుంటుంది. పువ్వులో తల దూర్చి వచ్చిన పిట్టకైతే నుదుటి మీదో గొంతు మీదో పుప్పొడి అంటి, లేని పసుపు మచ్చ తెచ్చిపెడుతుంది. పుప్పొడి మచ్చకు అంచు తిన్నగా ఉండదు, పొడిపొడిగా ఉంటుంది.

మన ఫోటోలో గొంతు పసుపే. అయితే గడ్డం నుంచి పొట్ట దాకా నిలువుగా ఒక నల్లటి గీత ఉంది. అది కొమ్మ నీడ కావచ్చు. వరసగా తీసిన ఇంకో రెండు ఫోటోలు ఉంటే పంపమని అడిగాను. వాటిలో పిట్ట మెడ తిప్పింది, గీత మెడతోపాటే తిరిగింది. నీడైతే కొమ్మ వైపే ఉండిపోయేది. గీత ఈకలదే. ఊదా తేనెపిట్ట మగది గూడు కాలం ముగిశాక మెరుపు ఈకలు రాల్చి ఆడదానిలా పసుపు తొడుక్కుంటుంది, మధ్యలో ఈ నల్ల గీత మాత్రం మిగులుతుంది. కుర్ర మగవాటికీ ఇలాంటి గీతే వస్తుంది. రెండింటినీ విడదీయడానికి రెక్క మొదట్లో చూడాలి. అక్కడ నీలిరంగు మెరుపు మచ్చ ఉంటే ఎదిగినదే. రెండో ఫోటోలో ఆ మచ్చ వెలుతురు పట్టి మెరిసింది. దాంతో జాతి, లింగం, వయసు మూడూ ఒక్క పిట్ట మీద తేలాయి. ఇలా ప్రతిసారీ తేలదు.

ఇక చోటు. నేను దీన్ని చివర చూస్తాను. ముందే చూస్తే, ఉండాలనుకున్న పిట్టే కళ్ళకు కనిపిస్తుంది. ఊదా తేనెపిట్ట ముళ్ళపొదల మెట్టనేలల్లోనూ పొలంగట్ల మీదా ఊళ్ళ తోటల్లోనూ అంతటా తిరుగుతుంది. నడుము మెరుపుది కాస్త తేమ, పచ్చదనం ఉన్న తోటలను ఇష్టపడుతుంది. లోటెన్‌కు చెట్లు దట్టంగా ఉండాలి, మిగతా రెండింటికన్నా అరుదు. అనంతపురం మెట్టలో తుమ్మచెట్టు మీది ఫోటోకు లోటెన్ పేరు పెట్టాలంటే ముక్కు సాక్ష్యం గట్టిగా ఉండాలి. అయితే చోటు అనుమానం పెంచుతుంది, తగ్గిస్తుంది, అంతే. ముక్కు, ఈకలు స్పష్టంగా చెబుతున్నప్పుడు వాటి మాటను చోటు కాదనలేదు. తెనాలి పెరట్లో మూడూ ఉండగలవు కాబట్టి ఈ కేసులో చోటు తేల్చింది తక్కువే. వేరే ఊరి నుంచి వచ్చిన ఇంకో ఫోటోలో మాత్రం వెనకాల కొమ్మకు సాలెగూడు దారాలతో అల్లిన సంచిలాంటి గూడు వేలాడుతూ కనిపించి, ఆ పిట్ట అక్కడ కాపురముంటోందని తెలిసింది. కత్తిరించి పంపితే ఆ గూడు పోయేది. అందుకే ఎవరైనా అడిగితే కత్తిరించని ఫోటో, తీసిన నెల, ఊరు, పిట్ట కూర్చున్న చెట్టు పేరు పంపమంటాను.

అన్నీ ఉన్నా పేరు చెప్పలేని ఫోటోలు ఉంటాయి. వెనకనుంచి తీసిన ఆడ తేనెపిట్టదైతే వీపు మూడింటికీ దగ్గరదగ్గరగా ఒకేలా ఉంటుంది, గొంతు కనిపించదు, ముక్కు కొలవడానికి కుదరదు. సెల్‌ఫోన్‌లో బాగా దగ్గరికి లాగి తీసినప్పుడు యంత్రం అంచులను పదును చేస్తూ లేని చారలు గీస్తుంది. గీత నీడదా ఈకదా అన్న ప్రశ్న అక్కడ తేలదు. అలాంటప్పుడు ‘తేనెపిట్ట, జాతి తెలియదు’ అని రాసి ఊరుకోవాలి. పక్షుల నమోదుకు వాడే ఈబర్డ్‌లోనూ అందుకు గడి ఉంది. ఊహించి రాసిన లోటెన్ పేరు ఒకటి ఆ జాబితాలోకి ఎక్కితే, ఆ ఊళ్ళో ఆ పిట్ట ఉందనే రేపు ఇంకొకరు నమ్ముతారు, తన మసక ఫోటోకూ ఆ పేరే పెడతారు.