కుళాయి మీది పోస్టర్

మా పెద్దమ్మని చూసుకోవడానికి పది రోజులు ఒక జిల్లా ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. పోస్టర్లు, కరపత్రాలు కంపోజ్ చేసి బతికినవాణ్ణి కాబట్టి గోడ మీద ఏ కాగితం కనపడినా నిలబడి చదువుతాను. ఆ వార్డులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన పోస్టర్ నోటీసు బోర్డు మీద లేదు. స్టాఫ్ చేతులు కడుక్కునే సింకు దగ్గర, కుళాయికి సరిగ్గా జానెడు పైన ఉంది. సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో చెప్పే పోస్టర్.

ఇలాంటివి నేనూ వేశాను. ‘ప్రమాదవశాత్తూ సూది గాయం సంభవించినచో’ అని మొదలుపెట్టి, పైన రెండు లోగోలు, కింద అధికారి హోదా వేసి పంపేసేవాళ్ళం. ఈ పోస్టర్‌లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉన్నది మూడే మాటలు: ‘పిండొద్దు. చీకొద్దు. కడుగు.’

ఈ వరుస మీద నాకు చాలా గౌరవం కలిగింది. వేలికి ముల్లు గుచ్చుకుంటే మనం చేసే మొదటి పని పిండడం, రెండోది నోట్లో పెట్టుకోవడం. చిన్నప్పటి నుంచీ చేతికి ఉన్న అలవాటు అది. పిండితే అక్కడ కణజాలం నలుగుతుంది తప్ప క్రిములు బయటికి పోతాయన్న ఆధారం లేదు. చీకితే నోటి పొరకి కూడా రక్తం తగులుతుంది. చెయ్యి తనంతట తాను చేసే తప్పుని ముందు ఆపి, ఆ తర్వాత చెయ్యాల్సింది చెప్పారు. ‘కడుగు’ కింద చిన్న అక్షరాల్లో ‘సబ్బు, పారే నీళ్ళు చాలు. స్పిరిట్, బ్లీచింగ్, డెట్టాల్ వద్దు’ అని ఉంది. మంట పుడితేనే మందు పనిచేసినట్టని నమ్మే మనవాళ్ళకి ఆ వాక్యం అవసరం. కంట్లో పడితే కుర్చీలో కూర్చుని తల వెనక్కి వాల్చి పక్కవాళ్ళ చేత నీళ్ళు పోయించుకోవాలని ఒక చిన్న బొమ్మ. బొమ్మలో నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆయమ్మది. గాజులున్నాయి.

పోస్టర్ పనితనం తెలియాలంటే ఒక రాత్రికి పెట్టి చూడాలి. జనవరి 10, తెల్లవారుజామున మూడు గంటలు అనుకుందాం. ఆయమ్మ మాసిన దుప్పట్లు మడుస్తోంది. ఎవరో మంచం మీద వదిలేసిన సిరంజి సూది పల్చటి గ్లౌజు దాటి చూపుడువేలికి దిగింది. సింకు దగ్గరికి వస్తుంది. కడుగుతూ ఉండగా కళ్ళు పోస్టర్ రెండో వరుస మీద పడతాయి: ‘ఇప్పుడే చెప్పు. పొద్దున కాదు.’ దాని పక్కన గడియారం బొమ్మ. 2 గంటల దాకా ఆకుపచ్చ, అక్కడి నుంచి 72 గంటల దాకా పసుపు, ఆ తర్వాత బూడిద రంగు. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందు మొదటి మోతాదు రెండు గంటల్లోపు పడితే మేలు, 72 గంటలు దాటితే ఇక మొదలుపెట్టరు. ఒక పేరా పట్టే సంగతి మూడు రంగుల్లో తేలిపోయింది.

ఫోన్ నంబరు మాత్రం అచ్చు వెయ్యలేదు. అక్కడ తెల్లటి ప్లాస్టిక్ ముక్క అతికించి మార్కర్‌తో రాశారు, పక్కన ఆ నంబరు పలుకుతోందో లేదో చూసిన తేదీ వేశారు. అచ్చు వేసిన నంబరు ఆర్నెల్లకి పాతబడుతుందని అచ్చు వేసే నాకు తట్టలేదు.

డ్యూటీ డాక్టర్ వస్తే చూసేవి కొన్నే. గాయం ఎంత లోతు, సూది బోలుదా కుట్లు వేసేదా, దాని మీద రక్తం కనపడిందా, ఎవరికి వాడినది. బోలు సూదిలో రక్తం నిలుస్తుంది కాబట్టి దాని ప్రమాదం ఎక్కువ. మందు అవసరమనిపిస్తే రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదటి మోతాదు వేస్తారు. మన దేశంలో ఇప్పుడు ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర. రోజుకొకటి, 28 రోజులు. మన ఆయమ్మ 10న మొదలుపెడితే చివరి మాత్ర ఫిబ్రవరి 6న. వికారంగా ఉందనో, పదిరోజులైంది ఏమీ కాలేదనో మధ్యలో ఆపేసేవాళ్ళు చాలామందట. అందుకే పోస్టర్ మీద 28 చిన్న గళ్ళు గీసి, చివరి గడిలో టిక్కు పెట్టారు.

నాకు బాగా నచ్చిన పని కుడి అంచున ఉంది. ఒకే సైజు పెట్టెలు రెండు, ఒక్కోదాంట్లో వెయ్యి చుక్కలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ రక్తం ఉన్న సూది గుచ్చుకుని మందు వాడకపోతే, వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి సోకుతుంది. మొదటి పెట్టెలో మూడు ఎర్ర చుక్కలు, వెతికితే గానీ కనపడవు. రెండోది హెపటైటిస్ బీ. టీకా లేనివాళ్ళకి, అవతలివాళ్ళ రక్తంలో వైరస్ ఉధృతంగా ఉంటే వెయ్యికి మూడువందల దాకా. పెట్టెలో దాదాపు మూడో వంతు ఎర్రబారింది. అందరూ మొదటిదానికి భయపడి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటారు, రెండోదాన్ని పట్టించుకోరు. ఆ రెండు భయాల్నీ ఒక్క చూపులో సరిచేసింది ఈ బొమ్మ. దాని కింద ఒకటే ప్రశ్న: ‘నీకు మూడు డోసులూ అయ్యాయా?’ కాకపోతే టీకాతో పాటు హెపటైటిస్ బీ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాల్సి రావచ్చు, వీలైతే 24 గంటల్లోపే. హెపటైటిస్ సీకి అలాంటి ముందుజాగ్రత్త మందు లేదు. పరీక్షలతో కనిపెట్టి, వస్తే చికిత్స చేస్తారు. ఆ మాట పోస్టర్‌లో మరీ ఇరుకున పడింది.

పోస్టర్‌కి వేలాడే చీటీల కట్ట ఒకటుంది. ఒకటి చింపుకుని జేబులో పెట్టుకోవాలి. దాని మీద పేరు ఉండదు, కోడ్ నంబరు ఉంటుంది. హెచ్‌ఐవీ పరీక్షల తేదీలకి నాలుగు గళ్ళు: ఈరోజు, 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి. మన ఆయమ్మకైతే జనవరి 10, ఫిబ్రవరి 21, ఏప్రిల్ 10, జులై 10. మొదటి గడి దగ్గరే జనం తికమకపడతారు, సూది గుచ్చుకున్న రోజున పరీక్షలో ఏం కనపడుతుందని. ఈ సూది వల్ల వచ్చేది ఆ రోజు కనపడదు. నిన్నటిదాకా నీ రక్తంలో ఏమీ లేదని ఆ పరీక్ష చెబుతుంది. రేపు ఏమైనా తేలితే డ్యూటీలోనే వచ్చిందని రుజువు చేసేది ఆ కాగితమే. చీటీ వెనక ఇదే సంగతి రెండు వాక్యాల్లో రాశారు. ఆర్నెల్లూ రక్తదానం చెయ్యొద్దని, కండోమ్ వాడాలని కూడా.

ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూసే సిస్టర్ గారిని అడిగితే రిపోర్టు ఫారం చూపించారు. టైము, చోటు, ఏ సూది, అప్పుడు ఏం చేస్తున్నారు అనే గళ్ళున్నాయి. ‘ఎవరి నిర్లక్ష్యం’ అనే గడి కోసం వెతికాను. దాని బదులు ‘ఆ సూది అక్కడికి ఎలా వచ్చింది?’ అని ఉంది.

“ముందు ఫారంలో బాధ్యులు ఎవరని ఉండేదండీ. ఒక్కళ్ళూ నింపేవాళ్ళు కాదు” అన్నారావిడ. ఇప్పుడొస్తున్న ఫారాల్లో సూది డబ్బాలో కాకుండా దుప్పట్లో, చెత్త కవర్లో దొరికినవే ఎక్కువట. నిండిపోయిన డబ్బాలు మార్చే వేళలు అందుకే మార్చారు.

పోస్టర్‌లో ఒక లోటు మాత్రం ఆవిడకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఎవరికి వాడారో తెలియని సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలన్నది అడుగున సగం పంక్తిలో, తడి తగిలి అలుక్కుపోయే చోట ఉంది. సిస్టర్లకి రోగి ఎవరో తెలుస్తుంది. దుప్పట్లు మడిచే ఆయమ్మకి, కవర్లు మోసే అబ్బాయికి తెలియని సూదే గుచ్చుకుంటుంది. వాళ్ళు ‘ఎవరిదో తెలీదు, ఏం చెప్తాం’ అనుకుని వెళ్ళిపోవచ్చు.

సిస్టర్ గారు పెన్ను తీసి అక్కడే రాసుకున్నారు. తర్వాత అచ్చు వేసేటప్పుడు ‘ఇప్పుడే చెప్పు’ కిందికే ఆ వాక్యం తెస్తామన్నారు. ఎలా రాస్తే బాగుంటుందని నన్నే అడిగారు. పెద్దమ్మ మంచం పక్కన కూర్చుని ఏడెనిమిది రకాలుగా రాశాను. చివరికి వార్డులో ఆయమ్మకి చదివి వినిపిస్తే, ఆవిడ సగం కొట్టేయించింది. మిగిలింది ఇది: ‘ఎవరి సూదో తెలీకపోయినా వచ్చి చెప్పు.’